N2O4 ఎంత విడిపోయింది? సాంద్రత నుంచి, మొత్తం పీడనం నుంచి α, Kp

ప్రశ్న: రెండు లెక్కల దగ్గర ఆగిపోయాను. మొదటిది: 60 °C, 1 అట్మాస్ఫియర్ దగ్గర N2O4, NO2 మిశ్రమం సాంద్రత లీటరుకు 2.20 గ్రాములు. బాష్ప సాంద్రత తీసి α కడితే 2.06 వస్తోంది. రెండోది: ఖాళీ చేసిన 1 లీటరు ఫ్లాస్కులో 27 °C దగ్గర 1.84 గ్రాముల N2O4 పెట్టి మూసి, 45 °C కు వేడి చేస్తే మొత్తం పీడనం 0.740 అట్మాస్ఫియర్లు. Kp నాకు 1.0 వస్తోంది, జవాబు 0.62 అని ఉంది. తప్పెక్కడ? నిజంగా ప్రయోగం చేస్తే ఈ రెండింటిలో దేన్ని నమ్మాలి?

సమాధానం:

మీ రెండు తప్పులూ ఒకే చోట పుట్టాయి. ఈ రెండు పద్ధతుల్లోనూ మనం చేసేది ఒక పోలికే. ఇప్పుడు పాత్రలో ఉన్న వాయువును, "అసలు ఏమీ విడిపోకపోతే ఎలా ఉండేది" అనే ఊహా స్థితితో పోలుస్తాం. ఆ పోలికలో రెండు వైపులా ఒకే కొలమానం, ఒకే ఉష్ణోగ్రత ఉండాలి. మొదటి లెక్కలో మీరు కొలమానం మార్చేశారు, రెండోదాంట్లో ఉష్ణోగ్రత మార్చేశారు.

పునాది ఇది. ఒక మోల్ N2O4 తో మొదలుపెడితే, అందులో α భాగం విడిపోయినప్పుడు మిగిలేది 1−α మోల్, పుట్టే NO2 2α మోల్‌లు. మొత్తం 1+α. ద్రవ్యరాశి మాత్రం మారదు, ఎందుకంటే బయటికి ఏదీ పోలేదు. అంటే కణాల సంఖ్య 1+α రెట్లు పెరిగింది, బరువు అలాగే ఉంది. కాబట్టి సగటు మోలార్ ద్రవ్యరాశి 1+α రెట్లు తగ్గుతుంది. స్థిర పీడనం దగ్గర సాంద్రత కూడా అన్ని రెట్లే తగ్గుతుంది. ఘనపరిమాణం స్థిరంగా ఉంచితే పీడనం అన్ని రెట్లు పెరుగుతుంది. ఈ అధ్యాయంలో ఉన్న సూత్రాలన్నీ ఈ ఒక్క 1+α నుంచే వస్తాయి. దీన్ని గుర్తుపెట్టుకుంటే (D−d)/d లాంటివి బట్టీ పట్టే పని ఉండదు.

ముందు సాంద్రత లెక్క. ఇక్కడ బాష్ప సాంద్రత జోలికి వెళ్లకుండా నేరుగా సగటు మోలార్ ద్రవ్యరాశి కట్టడమే మేలు.

```
M = ρRT/P = 2.20 × 0.08206 × 333.15 / 1 = 60.1 g/mol
1 + α = 92.0/60.1
α = 0.530
```

ఈ 60.1 అనే అంకె దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. అది 46 కూ 92 కూ మధ్య ఉంది. ఉండి తీరాలి, ఎందుకంటే పాత్రలో ఉన్నవి ఆ రెండు రకాల అణువులే. M ఆ రెండు హద్దుల్లో లేకపోతే ముందుకు పోవద్దు. లెక్కలో ప్రమాణాలు తప్పయినా అయి ఉండాలి, ఫ్లాస్కులోకి ఇంకేదో వాయువు అయినా వచ్చి ఉండాలి. 

మీకు 2.06 ఎలా వచ్చిందో ఇప్పుడు తేలిగ్గా కనిపిస్తుంది. బాష్ప సాంద్రత అంటే హైడ్రోజన్‌తో పోల్చిన సాంద్రత, అంటే మోలార్ ద్రవ్యరాశిలో సగం. మిశ్రమానికి దాన్ని సరిగానే 30.07 అని తీశారు. కానీ పోల్చింది 92 తో. 92 మోలార్ ద్రవ్యరాశి, బాష్ప సాంద్రత కాదు. విడిపోని N2O4 బాష్ప సాంద్రత 46. 46ను 30.07 తో భాగించి ఒకటి తీసేస్తే అదే 0.530 వస్తుంది. ఈ పొరపాటు ఇంత తరచుగా జరగడానికి కారణం 46 అనే అంకె ఇక్కడ రెండు పాత్రలు పోషించడమే: N2O4 బాష్ప సాంద్రత 46, NO2 మోలార్ ద్రవ్యరాశి కూడా 46. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే α ఒకటి దాటుతుంది, లేదా రుణ సంఖ్య వస్తుంది. రెండూ అసాధ్యమే కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. అది ఒక రకంగా అదృష్టమే.

α చేతికొచ్చాక Kp కి పాక్షిక పీడనాలు కావాలి. మొత్తం 1+α మోల్‌లలో 2α మోల్‌లు NO2, కాబట్టి దాని పాక్షిక పీడనం 2αP/(1+α). N2O4 ది (1−α)P/(1+α). మొదటిదాని వర్గాన్ని రెండోదానితో భాగిస్తే:

```
Kp = 4α²P/(1 − α²)
   = 4 × 0.281 × 1 / 0.719 = 1.56 atm
```

హారంలో ఉన్న 1−α² ను "α చిన్నది కదా" అని ఒకటిగా తీసుకునే అలవాటు బలహీన ఆమ్లాల అధ్యాయం నుంచి వస్తుంది. ఇక్కడ అది పనికిరాదు. పై లెక్కలో అలా చేస్తే 1.12 వస్తుంది, అసలు విలువకన్నా 28 శాతం తక్కువ. ఈ వాయువు మామూలు ఉష్ణోగ్రతల్లోనే ఐదో వంతు విడిపోయి ఉంటుంది కాబట్టి ఆ ఉజ్జాయింపును పూర్తిగా మరిచిపోండి.

వచ్చిన Kp సరిగా అర్థమైందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న పని చేయండి. అదే 60 °C దగ్గర పీడనం సగం అట్మాస్ఫియర్ అయితే α ఎంతో తిప్పి కట్టండి: α² = Kp/(4P+Kp), అంటే 1.56/3.56, α 0.66. రెండు అట్మాస్ఫియర్ల దగ్గర 0.40. పీడనం పెరిగితే α తగ్గింది, Kp మాత్రం కదల్లేదు. ఒకే ఉష్ణోగ్రతలో వేర్వేరు పీడనాల దగ్గర కొలిచినప్పుడు α మారిందని కంగారు పడనక్కర్లేదు. Kp మారితేనే ఏదో తేడా ఉన్నట్టు.

ఇక రెండో లెక్క. 1.84 గ్రాములంటే 0.0200 మోల్. ఇప్పుడు ఊహా స్థితి కట్టాలి: ఈ 0.0200 మోల్ N2O4 ఏమీ విడిపోకుండా, *45 °C దగ్గర*, 1 లీటరులో ఉంటే పీడనం ఎంత?

```
P0 = 0.0200 × 0.08206 × 318.15 / 1.00 = 0.522 atm
1 + α = P/P0 = 0.740/0.522
α = 0.417
```

మీరు P0 ని 27 °C దగ్గర కట్టారు, 0.493 వచ్చింది. అప్పుడు α 0.50 అవుతుంది, Kp 1.0 అవుతుంది. ఏం జరిగిందంటే, 27 నుంచి 45 °C కు వేడెక్కడం వల్ల వాయువు మామూలుగా వ్యాకోచించాలనుకునే ఒత్తిడిని కూడా మీరు వియోజనం ఖాతాలో వేసేశారు. పీడనం పెరగడానికి ఇక్కడ రెండు కారణాలున్నాయి: ఉష్ణోగ్రత పెరగడం ఒకటి, కణాల సంఖ్య పెరగడం ఒకటి. మొదటిదాన్ని P0 మింగేయాలి. అప్పుడే మిగిలినదంతా α అవుతుంది. ఫ్లాస్కులో పదార్థం ఏ ఉష్ణోగ్రత దగ్గర తూచారన్నది ఈ లెక్కకు అక్కర్లేదు. తూకం మోల్‌ల సంఖ్యను చెబుతుంది, అంతే.

స్థిర ఘనపరిమాణంలో α ని దాటవేసి నేరుగా పీడనాలతోనే Kp కట్టుకోవచ్చు. ఎంత N2O4 విడిపోతే మొత్తం పీడనం అంతే పెరుగుతుంది, ఎందుకంటే ఒకటి పోయి రెండు వస్తాయి. కాబట్టి విడిపోయిన భాగం P−P0, NO2 పీడనం దానికి రెట్టింపు, మిగిలిన N2O4 పీడనం 2P0−P.

```
Kp = 4(P − P0)² / (2P0 − P)
   = 4 × (0.218)² / 0.304 = 0.62 atm
```

ఈ రూపం నాకు ఇష్టం, ఎందుకంటే హద్దులు దానిలోనే కనిపిస్తాయి. P ఎప్పుడూ P0 కి తగ్గకూడదు, 2P0 ని చేరకూడదు. చేరితే హారం సున్నా అవుతుంది. కొలిచిన పీడనం 2P0 ని దాటితే ఫ్లాస్కులోకి గాలి వచ్చిందనో, తూకం తప్పిందనో అర్థం.

ఇంకో సరిచూపు: గాఢతలతో Kc కట్టండి. NO2 గాఢత 2 × 0.0200 × 0.417, అంటే లీటరుకు 0.0167 మోల్. N2O4 0.01165. Kc 0.0239 వస్తుంది. దాన్ని RT, అంటే 26.1 తో గుణిస్తే మళ్లీ 0.62. ఇక్కడ వాయు మోల్‌లు ఒకటి పెరిగాయి కాబట్టి Kp = Kc·RT. R ని 0.08206 గా తీసుకోవాలి, 8.314 కాదు. 8.314 వాడాలంటే పీడనం పాస్కల్స్‌లో, ఘనపరిమాణం ఘనమీటర్లలో ఉండాలి. వచ్చిన Kp నుంచి ΔG° కట్టబోతుంటే అట్మాస్ఫియర్ విలువను 1.013 తో గుణించి బార్‌లోకి మార్చాకే లాగరిథమ్ తీయండి. ఈ చర్యకు Kp విలువ ప్రమాణంతోపాటు మారుతుంది. మిల్లీమీటర్లలో ఉన్న పీడనాన్ని అలాగే పెట్టేస్తే 760 రెట్లు పెద్ద అంకె వస్తుంది.

పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించే ఒక లెక్క గురించి ఇక్కడే చెప్పాలి. "300 K దగ్గర 1 అట్మాస్ఫియర్ పీడనంలో ఉన్న N2O4 ని మూసిన పాత్రలో 600 K కి వేడి చేస్తే 20 శాతం విడిపోయింది, పీడనమెంత?" జవాబు 2.4 అట్మాస్ఫియర్లు. ఉష్ణోగ్రత వల్ల రెట్టింపు, వియోజనం వల్ల 1.2 రెట్లు. లెక్కగా అది బాగుంది, మీ రెండో తప్పును సరిదిద్దడానికి సరిగ్గా సరిపోతుంది. రసాయనశాస్త్రంగా మాత్రం అది నిజం కాదు. 20 శాతం విడిపోవడం దాదాపు 300 K దగ్గరే జరిగిపోతుంది. 600 K దగ్గర N2O4 అనేది దాదాపు మిగలదు, పైగా NO2 కూడా NO, ఆక్సిజన్‌గా విడిపోతుంటుంది. కాబట్టి ఆ లెక్కలోంచి Kp విలువలను మనసులో పెట్టుకోకండి.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న, అన్నిటికన్నా విలువైనది: ప్రయోగంలో దేన్ని నమ్మాలి?

కష్టం ఎక్కడుందో ముందు చూడాలి. α ని మనం కొలవడం లేదు. ఒక నిష్పత్తిని కొలిచి, దానిలోంచి ఒకటి తీసేస్తున్నాం. ఆ తీసివేతలో దోషం పెద్దదవుతుంది. తర్వాత Kp లో α వర్గం ఉంది, హారంలో మళ్లీ 1−α² ఉంది. అక్కడ ఇంకోసారి పెద్దదవుతుంది. సాంద్రత పద్ధతికి ఈ రెండింటినీ కలిపి అవకలనం చేస్తే చాలా శుభ్రమైన ఫలితం వస్తుంది:

```
Kp లో శాతం దోషం = [2 / α(1 − α)] × సాంద్రతలో శాతం దోషం
```

α(1−α) అత్యధికంగా ఉండేది α 0.5 దగ్గర, అప్పుడు గుణకం 8. అంటే పరిస్థితి ఎంత బాగున్నా సాంద్రతలో ఒక శాతం తప్పు Kp లో 8 శాతం తప్పవుతుంది. α 0.2 అయితే 12.5 రెట్లు, 0.9 అయితే 22 రెట్లు. మీ మొదటి లెక్కలోనే చూడండి: 2.20 బదులు 2.22 అని చదివితే Kp 1.56 నుంచి 1.45 కి పడిపోతుంది. రెండో దశాంశంలో రెండు అంకెల తేడాకే ఇంత. ఫ్లాస్కు పద్ధతిలోనూ మీ α దగ్గర గుణకం తొమ్మిది చుట్టూ ఉంటుంది. 0.740 ని 0.745 గా చదివితే Kp 0.66 అవుతుంది. తూకంలో 1.84 బదులు 1.85 పెట్టినా 0.60 కి దిగుతుంది. కాబట్టి ఇలాంటి కొలతల నుంచి Kp ని నాలుగు అంకెలతో రాయడం తప్పు. రెండు అంకెలు దక్కితే మంచి ప్రయోగమే.

ఇది ఊహ కాదని చూపించడానికి పాత కొలతలనే తీసుకుందాం. 1867 లో డెవిల్, ట్రూస్ట్ ఈ వాయువు సాంద్రతను గాలితో పోల్చి, వాతావరణ పీడనం దగ్గర, ఎన్నో ఉష్ణోగ్రతల్లో కొలిచారు. గాలితో పోల్చినప్పుడు విడిపోని N2O4 సాంద్రత 3.18, పూర్తిగా విడిపోయిన NO2 ది 1.59. వాళ్ల పట్టికలో 26.7 °C దగ్గర 2.65, 60.2 °C దగ్గర 2.08, 100.1 °C దగ్గర 1.68 ఉన్నాయి. 3.18 ని వీటితో భాగించి ఒకటి తీసేస్తే α వరుసగా 0.20, 0.53, 0.89. పీడనాన్ని ఒక అట్మాస్ఫియర్‌గా తీసుకుంటే Kp 0.167, 1.55, 15.7. మీ మొదటి లెక్క జవాబు 1.56 దాదాపు ఈ మధ్య విలువే.

వాంట్ హాఫ్ సమీకరణంలో మొదటి, చివరి బిందువులు పెడితే:

```
ΔH = 8.314 × ln(15.7/0.167) / (1/299.85 − 1/373.25)
   ≈ 57.6 kJ/mol
```

ఈనాటి పట్టికల్లో ఉన్న విలువ 57.2. నూట యాభై ఏళ్లనాటి గాజు బల్బుల కొలతలు ఇంత దగ్గరగా రావడం గొప్ప విషయం. కానీ అదే డేటాను రెండు ముక్కలుగా చేసి చూడండి: 26.7 నుంచి 60.2 వరకు 55.4 వస్తుంది, 60.2 నుంచి 100.1 వరకు 60.0. ఉష్ణోగ్రతతో ఎంథాల్పీ అంత మారదు. కారణం ఆ గుణకమే. 100.1 °C దగ్గర α 0.89, గుణకం 21. సాంద్రత 1.68 ని రెండు దశాంశాలకే ఇచ్చారు కాబట్టి అంకెలు సవరించడం వల్లే 0.3 శాతం అనిశ్చితి ఉంది. అది Kp లో 6 శాతం అవుతుంది, రెండో ముక్క ΔH లో ఒకటిన్నర కిలోజౌల్ అవుతుంది. మిగతా బిందువుల సవరణ, కొలత దోషం కూడా కలిస్తే మిగిలిన తేడా వచ్చేస్తుంది. అందుకే రెండు పక్క పక్క బిందువుల నుంచి ΔH కట్టకండి. ఎక్కువ బిందువులు తీసుకుని ln Kp ని 1/T తో గీసి, గీత వాలు నుంచి తీయండి. గీసేటప్పుడు α చివరల్లో ఉన్న బిందువులకు తక్కువ విలువ ఇవ్వండి.

అదే పట్టికలో ఇంకా పైకి పోతే 183.2 °C దగ్గర సాంద్రత 1.57. α కడితే 1.03 వస్తుంది, అంటే ఉన్నదానికన్నా ఎక్కువ విడిపోయినట్టు. అక్కడ సగటు మోలార్ ద్రవ్యరాశి 46 కన్నా కిందికి జారింది. కొలతలో ఒక శాతం తేడా వల్లే ఇలా రావచ్చు. కానీ 150 °C దాటాక NO2 తానే NO, O2 గా విడిపోవడం మొదలవుతుంది. 183 °C దగ్గర సమతాస్థితిలో అది సుమారు రెండు శాతం ఉంటుంది. రెండు శాతం NO2 విడిపోతే కణాల సంఖ్య ఒక శాతం పెరిగి, సాంద్రత సరిగ్గా ఆ మేరకే తగ్గుతుంది. అక్కడికి వచ్చేసరికి 1+α అనే మన పునాదే చెల్లదు, ఎందుకంటే పాత్రలో ఇప్పుడు నాలుగు రకాల అణువులున్నాయి.

కింది వైపు హద్దు వాయువు ద్రవంగా మారడం. ఒక అట్మాస్ఫియర్ దగ్గర ఈ ద్రవం సుమారు 21 °C దగ్గర మరుగుతుంది. ఫ్లాస్కులో ఒక చుక్క ద్రవం మిగిలినా మీరు చదివే పీడనం బాష్ప పీడనమే, దానికీ మీరు తూచిన గ్రాములకీ సంబంధం తెగిపోతుంది. గోడ మీద చుక్క లేదని కంటితో చూసి, ఉష్ణోగ్రత కొద్దిగా పెంచినప్పుడు పీడనం నునుపుగా పెరుగుతోందో లేదో గమనించండి.

సాంద్రత పద్ధతిలో పెద్ద ప్రమాదం తూకంలో ఉంది. 60 °C దగ్గర లీటరు మిశ్రమం బరువు 2.20 గ్రాములు, గది ఉష్ణోగ్రతలో లీటరు గాలి బరువు 1.2 గ్రాముల దగ్గర ఉంటుంది. ఖాళీ ఫ్లాస్కు అని తూచింది నిజానికి గాలి నిండిన ఫ్లాస్కు అయితే తేడాగా దొరికేది ఒక గ్రామే. దాన్నే వాయువు బరువు అనుకుంటే M 28 చుట్టూ వస్తుంది, 46 కన్నా తక్కువ. హద్దుల పరీక్ష దాన్ని పట్టేస్తుంది. కొంత గాలి మాత్రమే మిగిలి ఉంటే మాత్రం పట్టదు. గాలి M 29 కాబట్టి అది సగటును కిందికి లాగుతుంది, α కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది, అంకె నమ్మదగినట్టే ఉంటుంది. ఫ్లాస్కు పద్ధతిలోనూ మిగిలిన గాలి α ని పెంచే చూపిస్తుంది, ఎందుకంటే దాని పీడనం P లో కలుస్తుంది గానీ P0 లో లేదు. అలా జడ వాయువు ఉందని తెలిస్తే దాని పీడనాన్ని మొత్తంలోంచి తీసేసిన తర్వాతే పై సూత్రాల్లో పెట్టాలి. తేమ ఉంటే NO2 నీటితో కలిసి నైట్రిక్ ఆమ్లం అవుతుంది, మోల్‌ల లెక్క చెడుతుంది. అందుకే ఫ్లాస్కును వేడి చేస్తూ శూన్యంలో ఆరబెట్టాకే నింపాలి. పీడనం చూడడానికి పాదరస మానోమీటరును నేరుగా కలపొద్దు. NO2 పాదరసాన్ని తినేస్తుంది, మీ కళ్ల ముందే పీడనం నెమ్మదిగా పడిపోతుంది. పల్చని గాజు పొర ఉన్న గేజ్‌ని మధ్యలో పెట్టి, అవతలి వైపు గాలి పీడనాన్ని దానికి సమం చేసి, ఆ గాలినే మానోమీటరుతో కొలవాలి. ఈ వాయువు విషం, పీల్చిన కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కాబట్టి నింపడం, ఖాళీ చేయడం ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి.

ఉష్ణోగ్రత విషయంలో రెండు మాటలు. 45 °C దగ్గర ఒక్క డిగ్రీ తేడా Kp ని 6.8 శాతం కదిలిస్తుంది. నీటి తొట్టి ఉష్ణోగ్రత పదో వంతు డిగ్రీలో నిలవాలి, ఫ్లాస్కు మెడ, గేజ్ కూడా ఆ ఉష్ణోగ్రతలోనే ఉండాలి. బయట ఉండిపోయిన చల్లని మెడలో α తక్కువ, సాంద్రత ఎక్కువ, మొత్తం పీడనం ఏ ఒక్క ఉష్ణోగ్రతకూ చెందని అంకె అవుతుంది. అయితే సమతాస్థితి కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఈ వియోజనం మైక్రోసెకన్లలో సర్దుకుంటుంది. మీరు ఎదురుచూసేది గాజు, వాయువు వేడెక్కడానికి మాత్రమే. పీడనం పది నిమిషాలు కదలకుండా ఉందంటే చదవొచ్చు. ఇంకా నెమ్మదిగా ఒకే దిశలో కదులుతుంటే అది లీకో, పాదరసమో, తేమో.

ఆదర్శ వాయువు అనే ఊహ కూడా ఎక్కువ ఒత్తిడిలో నిలవదు. 1931 లో వెర్హోక్, డేనియల్స్ ఫ్లాస్కు పద్ధతినే చాలా జాగ్రత్తగా చేసి, గాఢత పెరిగే కొద్దీ కనిపించే Kp తగ్గుతోందని చూపారు. 25 °C దగ్గర గాఢతను సున్నాకి పొడిగిస్తే విలువ 0.14 అట్మాస్ఫియర్ దగ్గర నిలిచింది. N2O4 అణువుల మధ్య ఆకర్షణ పీడనాన్ని కొంచెం తగ్గిస్తుంది, మనం దాన్ని "తక్కువ విడిపోయింది" అని చదువుతాం. ఆ చిన్న తగ్గుదలనే మళ్లీ ఎనిమిది, పది రెట్లు చేస్తాం.

ఇన్నీ చూశాక నేనైతే మూసిన ఫ్లాస్కు పద్ధతినే ఎంచుకుంటాను. ఒక్కసారి తూచి నింపితే ఎన్ని ఉష్ణోగ్రతలకైనా అదే మోల్‌ల సంఖ్య పనిచేస్తుంది. తూకంలో దోషం ఉన్నా అది అన్ని బిందువుల్లో ఒకే దిశలో ఉంటుంది. సాంద్రత పద్ధతిలో ప్రతి ఉష్ణోగ్రతకీ కొత్త తూకం, కొత్త దోషం.

నింపే మొత్తాన్ని α 0.5 చుట్టూ వచ్చేలా ముందే లెక్కేసుకోండి. Kp సూత్రంలో α 0.5 పెడితే P = 0.75 Kp అని వస్తుంది. 45 °C దగ్గర అంటే సుమారు 0.47 అట్మాస్ఫియర్లు, మీ లెక్కలో ఉన్న 0.740 కన్నా తక్కువ. 25 °C దగ్గర 0.11. ఒక అట్మాస్ఫియర్ దగ్గర అదే 25 °C లో కొలిస్తే α 0.19 మాత్రమే ఉండేది. పీడనం తగ్గించడం వల్ల ఆకర్షణ దోషం కూడా తగ్గుతుంది. తూచాల్సింది మాత్రం లీటరుకు 0.28 గ్రాములకు పడిపోతుంది కాబట్టి మిల్లీగ్రాము వరకు నమ్మదగిన త్రాసు కావాలి. 100 °C దగ్గర ఇదే నియమం 12 అట్మాస్ఫియర్లు అడుగుతుంది, గాజు ఫ్లాస్కులో ఆ ప్రయత్నం చేయకూడదు. అందుకే ఈ కొలతకు 25 నుంచి 70 °C మధ్యే పని పెట్టుకోండి.